స్థాయి నిర్ణయానికి నాలుగు వాక్యాలు

సాయంకాల సంస్కృత తరగతులలో చేరవచ్చిన వయోజనులచేత శబ్దరూపాలు చెప్పించి స్థాయిని నిర్ణయించడం నాకు చిరకాలపు అలవాటు. ఒక విశ్రాంతోద్యోగి రామశబ్దాన్ని తడబడకుండా వల్లించగా రెండవ స్థాయికి పంపాను. మూడు వారాలకే ఆయన మానివేశారు. "మాస్టారూ, పదాలన్నీ తెలిసినవే, వాక్యమే అంతుపట్టడం లేదు" అన్నారు. దోషం నా పరీక్షది.

అటుపిమ్మట ఈ నాలుగు వాక్యాలను కూర్చుకొన్నాను: సింహః గజం పశ్యతి, గజం సింహః పశ్యతి, గజః సింహం పశ్యతి, సింహం గజః పశ్యతి. ప్రతిదానికీ ప్రశ్న ఒకటే: చూచేది ఏది?

తెలుగులో సింహం, గజం అనేవి ప్రథమారూపాలు. సంస్కృతంలో అవే ద్వితీయలు. కనుక తెలుగు అలవాటుతో చదివినవారికి నాలుగూ తప్పుతాయి. మొదటి పదమే కర్త అనుకొనేవారికి ఒకటి, మూడు మాత్రమే ఒప్పవుతాయి. ఎప్పుడూ సింహమే అనేవారికి మొదటి రెండే ఒప్పు. విభక్తి తెలిసినవారికే నాలుగూ కుదురుతాయి. మార్కుల మొత్తం కంటె తప్పుల తీరు ముఖ్యం.

ఫలం వంటి నపుంసకపదాలు ఇక్కడ పనికిరావు. వాటి ప్రథమాద్వితీయలకు రూపం ఒక్కటే. గుడ్డిగా చెప్పినా నాలుగూ ఒప్పయ్యే అవకాశం 16లో ఒకటి ఉన్నది కనుక, వేరొక పదాల జంటతో మరల అడుగుతాను. ఇది పరీక్షించేది రెండు విభక్తుల ఏకవచనాన్ని మాత్రమే. వాక్యరచనాశక్తిని వేరుగా చూడవలసిందే. అయినా ఆనాడు ఈ నాలుగు వాక్యాలూ నా చేత ఉండినట్లయితే, ఆ పెద్దమనిషిని మొదటి స్థాయిలోనే కూర్చుండబెట్టి ఉండేవాడిని.