ఒక గోష్ఠికి నామకరణము

శిశువునకు పేరు పెట్టుట అంత కష్టము గాదు. తాతగారి పేరో, జన్మనక్షత్రమో యేదో యొక దారి చూపును. ముప్పదేసి యేండ్లు ఉద్యోగములు చేసి విశ్రాంతి పొందిన యేడుగురు పెద్దలు తమ పుస్తకగోష్ఠికి పేరు చెప్పుమని మమ్ము అడిగిననాడు, ఆ పని యెంత చిక్కైనదో మాకు తెలిసివచ్చినది.

మేము వారిలోనివారము గాము. మాకింకను నలువది నిండలేదు. మా వారు బడిపంతులు. మా తండ్రిగారు మాకు ఇంటనే భాగవతమును వసుచరిత్రమును చెప్పిరి. కావున ఈ పెద్దలు నెలకు రెండు బుధవారములు మా యూరి శాఖాగ్రంథాలయమున కూడి చదువుకొనునప్పుడు కఠినపదములు వచ్చినచో అర్థము చెప్పుటకై మమ్ము పిలుచుచుందురు. వారిలో ఒకరు తపాలాకచ్చేరిలోను, ఒకరు టెలిఫోనుశాఖలోను పనిచేసినవారు. ఒకరు నర్సు. తక్కినవారు పంతులమ్మలు.

పేరు లేకున్న నేమి లోపమని మేము మొదట అడిగితిమి. అందుకు టెలిఫోను అత్తయ్యగారు, "అమ్మాయీ! ఉద్యోగమున్ననాళ్లు గడప దాటునప్పుడు 'ఆఫీసునకు' అంటిని. ఎవరును మారు పలుకలేదు. ఇప్పుడు సంచి పట్టుకొనగానే కోడలు 'ఎక్కడి కత్తయ్యా?' అనును. 'ఊరక అట్లు' అందును. ఊరక పోవుదానిని 'పిల్లవానిని కాస్త చూడుడు' అని నిలుపుట సులభము గదా! క్రిందటి నెల రెండు బుధవారములును నేను రాలేకపోయితిని" అనిరి. ఆ మాట విన్నపిమ్మట మాకు నవ్వు రాలేదు. గడపయొద్ద చెప్పుకొనుటకు వారికి పేరు కావలసియున్నది.

పేరు పెట్టు యత్నము అంతకుముందే యొకసారి జరిగినది. పంతులమ్మగా రొకరు 'విశ్రాంత మహిళా పఠన మండలి' యని నిర్ణయించి బోర్డు వ్రాయింపబంపిరి. ఠకారమును ఒత్తి పలుకువారు మన దేశమున నెందరు? చిత్రకారుడు తాను విన్నట్లే 'పతన మండలి' యని పెద్దయక్షరములతో వ్రాసి తెచ్చెను. పతన మనగా పడిపోవుట. నర్సు పిన్నిగారు ఆ బోర్డును చూచి, "తుంటియెముకలు విరిగినవారి సంఘ మనుకొందురు" అనిరి. దానిని గోడవైపు త్రిప్పి పెట్టిరి. అక్షరదోషము లేకున్నను ఆ పేరు నిలిచెడిది గాదు. సర్కారుకాగితమువలె నున్న పేరును ఏ అత్తగారు కోడలితో చెప్పగలరు?

పిమ్మట ఒక బుధవారము చదువు మాని ఈ విచారమే చేసితిమి. 'అక్షరకుసుమములు' అని యొకరనగా తపాలా అత్తయ్యగారు, "ఎవరి మెడలో వేయుటకు?" అని త్రోసివేసిరి. అరువదేండ్లు దాటినవారిని పువ్వులనియు మువ్వలనియు పిలుచుట పొగడ్తవలె కనబడును గాని, అందులో చిన్నపిల్లలను బుజ్జగించు ధోరణి కలదు. ముప్పదియేండ్లు మనియార్డరులు లెక్కపెట్టిన చేతిని అది మన్నింపదు.

'అష్టదిగ్గజములు' అన్నమాటకు అందరును నవ్విరి. ఏడుగురే గదా యనగా, ఎనిమిదవవారము మేమే యనిరి. కాని నర్సు పిన్నిగారు తమ వంకయు ప్రక్కవారి వంకయు చూచి, "ఈ గజశబ్దమును మనము పలికిన సరే, వీధిలోని పిల్లలు పలికిననో?" అనిరి. ఆ ప్రశ్న మాకు గట్టిదిగా తోచినది. తమలో తాము అనుకొన్నప్పుడు నవ్వు పుట్టించి, పరులు పలికినప్పుడు గ్రుచ్చుకొను పేరు సంఘమునకు పనికిరాదు. 'పండుటాకులు' అన్న మాట కట్టివేసినట్లు సభనంతటిని నిశ్శబ్దము చేసినది. గత సంవత్సరమే భర్తను పోగొట్టుకొన్న పంతులమ్మగారు అక్కడ నుండిరి.

పూర్వమువారు ఏమి చేసిరని మేము తలపోసితిమి. మచిలీపట్టణమున 1902లో భండారు అచ్చమాంబగారు స్థాపించిన స్త్రీసమాజమునకు బృందావనమని పేరు. కాకినాడలో పులుగుర్త లక్ష్మీనరసమాంబగారి సమాజమునకు శ్రీ విద్యార్థినీ సమాజమని పేరు. ఇల్లు నడుపు గృహిణులకు విద్యార్థినులన్న పేరు! అందులో గాంభీర్యమును కలదు, చిన్న చిరునవ్వును కలదు. ఆ నవ్వు పేరులో అతికించినది గాదు. వారు నిజముగా చేయుచున్న పనినుండియే పుట్టినది. అట్లయిన మన పెద్దలు ఆ గదిలో నిజముగా ఏమి చేయుచున్నారు?

దానిని గమనించుటకై మరుసటి బుధవారము మేము మూల కూర్చుంటిమి. కన్యాశుల్కము చదువుచుండిరి. మొదటి పావుగంట కళ్లజోళ్లతోనే గడచెను. ఒకరిది ఇంట మరచిరి. ఒకరిది దూరపుచూపుది. తపాలా అత్తయ్యగారు తమది కానరాక గదియంతయు వెదకించి, తుదకు తలపైననే కనుగొనిరి. చదువువంతు వచ్చినవారికి ప్రక్కవారు తమ జోడు తీసి యిచ్చుచు, "నా సులోచనములు నీకు సరిపోవునా?" అనుచుండిరి. ఆ మాట చెవినిపడగానే మేము లేచితిమి.

"సులోచనలు!" అంటిమి.

వ్యాకరణము వలదని వారనినను చెప్పక విడువలేదు. సు యనగా మంచి, లోచన మనగా కన్ను. కర్మధారయముగా తీసికొన్నచో మంచి కన్నులని యర్థమై, కళ్లజోడునకు చెల్లును. బహువ్రీహిగా తీసికొన్నచో మంచి కన్నులు గలది, అనగా చక్కని కన్నుల స్త్రీ. ఒక్క పదమే ముక్కుమీదను నిలుచును, ముఖమును వర్ణించును. నర్సు పిన్నిగారు శుక్లములు తీయించుకొన్నపిమ్మట జోడు లేకయే చదువుదురు. "అయిన నేను సభ్యురాలను గానా?" అని వారడుగగా, "మీరు బహువ్రీహి. తక్కినవారు రెండు విధములను" అంటిమి. ఆనాటినుండి వారిని బహువ్రీహిగారనియే పిలుచుచున్నారు.

ఆక్షేపణ యొకటి వచ్చినది. సులోచన యనగా ఇంద్రజిత్తు భార్య గదా, 1961లో వచ్చిన సతీసులోచన చిత్రములోని దుఃఖమంతయు మనకేలయని పంతులమ్మగా రొకరనిరి. వాల్మీకి ఆ పేరే యెత్తలేదనియు, ఆ కథ తరువాతివారు పెంచినదనియు మేము చెప్పితిమి. భర్తను పోగొట్టుకొన్న ఆ పంతులమ్మగారే, "బహువచనము చేసిన చాలును. ఏడుగురు సులోచనలు కూడినచోట ఒక్కరి దుఃఖ మెంతసేపు నిలుచును?" అనిరి. అంతటితో 'సులోచనల గోష్ఠి' స్థిరపడెను. ఈమారు చిత్రకారునికి నోటితో చెప్పక కాగితముపై వ్రాసి యిచ్చితిమి. అతడు ష్ఠకు బదులు ష్ట వ్రాసెను గాని యర్థమునకు చెరుపు రాలేదు, కావున విడిచితిమి. పాత పలకనే త్రిప్పి వ్రాసినందున వెనుకప్రక్క పతన మండలి యిప్పటికిని పదిలముగా నున్నది.

మొన్నటి బుధవారము టెలిఫోను అత్తయ్యగారు అందరికంటె ముందు వచ్చి నవ్వుచు కూర్చుండిరి. గడపయొద్ద కోడలు ఎప్పటివలెనే అడుగగా, "సులోచనలకు పోవుచున్నాను" అనిరట. కోడలు వెంటనే పిల్లవానిని చంకనెత్తుకొని, "అయ్యో, క్రిందటి నెలనే గదా అత్తయ్యా అద్దములు మార్పించితిరి! అప్పుడే పగిలినవా? త్వరగా పోయి రండు" అని తలుపు తీసి నిలిచెనట. అసలు సంగతి చెప్పితిరా యని మేమడిగితిమి.

"ఇంకను లేదు. రెండు బుధవారములు గడవనీ" అనిరి.