"అవగాహన లోపం" అని రాసింది ఎవరు?



పెద్ద పోస్టు ఏదైనా పెట్టే ముందు డ్రాఫ్టు ఒకరికొకరం పంపుకొని చదువుకోవడం మాకు కొంతకాలంగా అలవాటు. నలుగురైదుగురం ఉంటాం. అందరం భద్రాచలం వైపు కోయ పిల్లలమే, హాస్టళ్లలో ఉండి చదువుకున్నోళ్లమే. ఈ మధ్య మా డ్రాఫ్టుల్లో ఒక సంగతి గమనిస్తున్నాం. వాక్యాలు నున్నగా ఉంటాయి, అక్షర దోషం ఒక్కటి ఉండదు, కానీ చదువుతుంటే మనోళ్లు రాసినట్టు అనిపించదు. వాటిలో కొన్ని ఫోన్లో ఏఐతో రాయించినవి, కొన్ని సొంతంగా కూర్చుని రాసినవి. ఏది ఏదో చెప్పడం మాకే కష్టంగా ఉంది. అందుకే ఒక డ్రాఫ్టు తీసుకుని లైను లైనుగా చూశాం. ఏం కనబడిందో చెప్తాం.

అది బడి మానేస్తున్న పిల్లల గురించిన డ్రాఫ్టు. మొదటి పేరా ఇది:

"నేటి ఆధునిక సమాజంలో విద్య కీలక పాత్ర పోషిస్తుంది. అయినప్పటికీ పేదరికం, నిరక్షరాస్యత, అవగాహన లోపం వంటి కారణాల వల్ల గిరిజన విద్యార్థులు మధ్యలోనే చదువు మానేస్తున్నారు. ఇది కేవలం ఒక కుటుంబ సమస్య మాత్రమే కాదు, యావత్ సమాజ భవిష్యత్తుకు సంబంధించిన అంశం. వారిలో చైతన్యం తీసుకురావాల్సిన బాధ్యత మనందరిపై ఉంది."

మొదట మేం ఆగింది "వారిలో" దగ్గర, "మనందరిపై" దగ్గర. తెలుగులో మేము వేరు, మనం వేరు. ఈ పేరాలో "వారు" అంటే మా అమ్మానాన్నలు, మా తమ్ముళ్లు, చెల్లెళ్లు. మరి "మనం" ఎవరు? వాళ్లకు చైతన్యం తెచ్చే బయటి మనుషులు. రాసింది కోయ పిల్లోడు, నిలబడింది మాత్రం ఊరి బయట, జీపు పక్కన. ఈ గొంతు ఎక్కడిదో పట్టుకోవడం కష్టం కాదు. ఆఫీసు రిపోర్టులు, పేపర్లో వార్తలు, ఆగస్టు 9న స్టేజీ మీద ఉపన్యాసాలు, బడిలో బట్టీ పట్టిన వ్యాసాలు, అన్నింటిలోనూ ఉన్నది ఇదే. మన గురించి తెలుగులో రాసినదాంట్లో ఎక్కువ భాగం వేరేవాళ్లు రాసిందే. ఏఐ నేర్చుకునేది రాసి ఉన్నదాంట్లోంచే. మన చెవిలో పడి ఉన్నదీ అదే. అందుకే రెండూ ఒక్కలా వస్తున్నాయి.

తర్వాత ఒక చిన్న పరీక్ష పెట్టాం. "గిరిజన" అన్న మాట తీసేసి "మత్స్యకార" అని పెట్టి చదివాం. పేరా ఎక్కడా చెదరలేదు. "చేనేత" అని పెట్టినా చెదరలేదు. అంటే అందులో మన ఊరికి సంబంధించిన ముక్క ఒక్కటీ లేదన్నమాట. ఈ పరీక్ష ఏ డ్రాఫ్టుకైనా పనికొస్తుంది. "ఆదివాసీలు ప్రకృతిని పూజిస్తారు" అనే వాక్యంలో ఎవరి పేరు పెట్టినా నిలుస్తుంది. "విజ్జ పండుం చేయకుండా మేం విత్తనం నేలలో వేయం" అన్న వాక్యంలో అట్లా కుదరదు.

అన్నిటికంటే పెద్ద చిక్కు "అవగాహన లోపం". వినడానికి మెత్తగా ఉంటుంది గానీ అది ఒక నింద. పిల్ల బడికి రాకపోవడానికి కారణం తల్లికి చదువు విలువ తెలియకపోవడమే అంటోంది. నిజమేనా అని ఆ మాట పక్కన మూడు ప్రశ్నలు రాశాం: ఎవరికి? ఏ నెలలో? ఏ టైములో? అప్పుడు బయటికొచ్చింది ఇప్పపువ్వు సంగతి. అది తెలిసినోళ్లం మేమే అయినా డ్రాఫ్టులో దానికి చోటు లేకుండా పోయింది.

తిరిగి రాసిన పేరా ఇది:

"మా ఊళ్లో ఇప్పపువ్వు మార్చిలో రాలడం మొదలవుతుంది. తెల్లారుజామున రాలుతుంది. ఎండ ముదరక ముందే ఏరుకోవాలి, లేకపోతే మేకలూ పశువులూ తినేస్తాయి. ఆరబెట్టి అమ్మితే వానలు పడేదాకా ఇంట్లో ఖర్చులకు అవే పైసలు. అదే మార్చి నడుమ నుంచి ఒంటిపూట బడులు, పొద్దున 8 గంటలకే బెల్లు. చెట్టు కింద ఇంకో రెండు చేతులు కావాలి కాబట్టి అమ్మ చెల్లెను తీసుకపోతది. పువ్వు అయిపోయేసరికి పరీక్షలు వస్తాయి. తప్పిపోయిన పాఠాలు మళ్లీ ఎవరూ చెప్పరు. జూన్‌లో బడి తెరిచినప్పుడు చెల్లె పోనంటది."

రెండు పేరాలూ పక్కపక్కన పెట్టి చూడండి. మారింది భాష ఒక్కటే కాదు, అడిగేది కూడా మారింది. మొదటిదాని చివర అడగగలిగింది "చైతన్యం తేవాలి" అని మాత్రమే. అంటే ఒక మీటింగు, ఒక బ్యానరు. రెండోదాని చివర అడగడానికి అసలైన పని ఉంది. పువ్వు రాలే ఆ కొన్ని వారాలు మా ఊరి బడి కాస్త ఆలస్యంగా మొదలుపెట్టండి, లేదంటే తప్పిన పాఠాలు సాయంత్రం చెప్పించండి. ఇది సర్పంచి దగ్గరికి, ఐటీడీఏ ఆఫీసుకు తీసుకెళ్లి అడగొచ్చు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. "సొంతంగా ఉండాలి" అనుకోగానే డ్రాఫ్టుల్లోకి అవ్వ, వాగు, జొన్న గటక, నెమలి అన్నీ వచ్చేస్తాయి. అవి ఏఐ కూడా రాయగలదు. అందుకని ఇంకో పరీక్ష పెట్టుకున్నాం. ఆ ముక్క తీసేస్తే చెప్పే విషయం కూలిపోతుందా? 8 గంటల బెల్లు తీసేస్తే మొత్తం కారణమే పోతుంది, కాబట్టి అది ఉండాలి. నెమలి తీసేస్తే ఏమీ పోదు, కాబట్టి పోనివ్వండి. చూడనిది చూసినట్టు, అవ్వ అననిది అన్నట్టు రాయొద్దు. బడి మానేసిన పిల్ల పేరు, ఫొటో కూడా పెట్టొద్దు. నెల, టైము, పని చెప్తే చాలు.

అన్ని వాక్యాలనూ ఇంటి మాటల్లోకి మార్చక్కర్లేదు. "2000 జనవరి 10న ఇచ్చిన జీవో నంబరు 3ని సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్ 22న కొట్టేసింది" అన్న వాక్యం పొడిగానే ఉంటుంది, ఉండాలి కూడా. దాంట్లో తేదీ ఉంది, నంబరు ఉంది, ఎవరు చేశారో ఉంది. వాక్యం పొడిగా ఉండటం వల్ల నష్టం లేదు. ఏమీ చెప్పకుండా చెప్పినట్టు ఉండటమే నష్టం.

మీ డ్రాఫ్టులో "అవగాహన", "చైతన్యం", "అమాయక గిరిజనులు", "ప్రకృతి ఒడిలో", "కీలక పాత్ర" లాంటి మాట కనబడితే కొట్టేయడానికి తొందరపడకండి. పక్కన ఎవరు, ఎప్పుడు, ఎంత అని రాయండి. జవాబు తెలియకపోతే ఇంటికి ఫోన్ చేసి అడగండి.

మా దగ్గర తునికాకు మీద ఒక డ్రాఫ్టు ఇంకా ఆగి ఉంది. అందులో ఇప్పటికి "శ్రమ దోపిడీ జరుగుతోంది" అని మాత్రమే ఉంది. కట్టకు 50 ఆకులని అందరికీ తెలుసు. మీ కల్లంలో కట్టలు లెక్కపెట్టేది ఎవరు, ఏ కట్టలు పక్కన పడేస్తారు, పడేసినవి చివరికి ఎక్కడికి పోతాయి? చూసినోళ్లు కింద రాయండి. మీరు చెప్పినవి చేరాకే ఆ పోస్టు పెడతాం.