విరేచనాలు ‘కట్టడం’ అంటే ఏమిటి?

మన భాషలో విరేచనాల వ్యాధి గురించి మాట్లాడుకునే తీరును గమనించండి. “కట్టాయా?” అని అడుగుతాము. “ఇంకా కట్టలేదు” అని వాపోతాము. విరేచనాలు ఆగితే వ్యాధి నయమైనట్లు, ఆగకపోతే వైద్యం ఫలించనట్లు భావిస్తాము. పెద్దవారి విషయంలో ఈ భావన వలన అంత ప్రమాదం లేదు. పసిపిల్లల విషయంలో మాత్రం ఇది ప్రాణాల మీదికి తెస్తుంది. విరేచనం బయటకు రావడం ఆగినంత మాత్రాన శరీరంలోని నీరు ప్రేగులోకి పోవడం ఆగదు. ఈ తేడాను మరపించే మందులలో ముఖ్యమైనది లోపెరమైడ్.

ఈ మందు నల్లమందు కుటుంబానికి చెందినది. నల్లమందు మత్తు కలిగించడంతో పాటు ప్రేగు కదలికను మందగింపజేస్తుందని మన పెద్దలకు తెలుసు. ఏడ్చే పసివాడికి, విరేచనాలయ్యే పసివాడికి ఆవగింజంత నల్లమందు పెట్టే అలవాటు ఒకప్పుడు ఉండేది. నల్లమందు ప్రేగు గోడలలోని నాడీ కణాల మీద చేసే పనినే లోపెరమైడ్ కూడా చేస్తుంది. అయితే పెద్దవారిలో ఇది మెదడును చేరదు. రక్తానికీ మెదడుకూ మధ్యనున్న కవచంలోని ఒక ప్రోటీను, లోపలికి చొరబడిన లోపెరమైడ్‌ను ఎప్పటికప్పుడు రక్తంలోకి తిరిగి నెట్టివేస్తుంది. అందువలననే పెద్దలకు ఇది మత్తు కలిగించకుండా పనిచేస్తుంది. పసిపిల్లలలో ఆ కవచం ఇంకా పరిపక్వం కాలేదు. మందును విరిచి బయటకు పంపవలసిన కాలేయం కూడా పూర్తి శక్తిని సంతరించుకోలేదు. కనుక పెద్దల ప్రేగుకే పరిమితమయ్యే మందు, పసివాడిలో మెదడును చేరి మగతను, ఒక్కొక్కప్పుడు శ్వాస మందగించడాన్ని కలిగించగలదు.

ఇక ప్రేగు సంగతి. రోటావైరస్ సోకినప్పుడు చిన్నప్రేగు లోపలి పొర దెబ్బతిని, నీటిని పీల్చుకునే శక్తి తగ్గుతుంది. కలరా వంటి వ్యాధులలో సూక్ష్మజీవి విషం వలన ప్రేగు గోడ నుండి నీరు, లవణాలు లోపలికి ఊరుతూనే ఉంటాయి. లోపెరమైడ్ ముఖ్యంగా ఆపేది కదలికను. ఊట సాగుతూనే ఉంటుంది, ప్రవాహం మాత్రం నిలిచిపోతుంది. మన తీరగ్రామాల వారికి ఇది సులభంగా బోధపడుతుంది. వానాకాలంలో కాలువకు అడ్డుకట్ట వేస్తే దిగువన నీరు కనబడదు, ఎగువన చేలు మునుగుతాయి. పసివాడి పొట్టలో జరిగేదీ అదే.

నేను చూసిన ఒక బిడ్డ విషయం చెబుతాను. గుర్తుపట్టే వివరాలు మార్చాను. నెల్లూరు తీరంలో ఈశాన్య రుతుపవనాలు అక్టోబరు నుండి డిసెంబరు వరకు కురుస్తాయి. 2015, 2021 సంవత్సరాల నవంబరు నెలల్లో వచ్చిన వరదలు జిల్లా వాసులకు గుర్తుండే ఉంటాయి. వరద నీరు బోర్లలో, బావులలో కలిసిన రోజులలో పిల్లల వార్డు విరేచనాల రోగులతో నిండిపోయేది. అటువంటి ఒక నవంబరులో, సముద్రపు ఒడ్డునున్న పల్లె నుండి 13 నెలల మగబిడ్డను తీసుకువచ్చారు. రెండు రోజులు నీళ్ళ విరేచనాలు అయ్యాయి. ఇంట్లో తాతగారి కోసం కొన్న 2 మిల్లీగ్రాముల లోపెరమైడ్ గొట్టాలు ఉన్నాయి. గొట్టం విప్పి, పొడిలో సగం తేనెలో కలిపి, ముందురోజు ఉదయం నుండి రాత్రి వరకు మూడు మార్లు నాకించారు.

నాయనమ్మ ముఖంలో ఆందోళన కంటే అయోమయమే ఎక్కువగా కనిపించింది. “విరోచనాలు కట్టేసినాయి సారూ. రాత్రి నుంచి ఒక్కసారి కూడా పోలా. అయినా పిలకాయ కళ్ళు తెరవడం లేదు” అన్నది.

బిడ్డ కళ్ళు లోతుకు పోయాయి. పొట్ట చర్మాన్ని చిటికెతో లాగి వదిలితే మెల్లగా వెనక్కి పోతున్నది. పది గంటలుగా మూత్రం లేదు. ఇవన్నీ శరీరంలో నీరు తగ్గిన లక్షణాలే. ఈ స్థితిలో బిడ్డ బరువు కనీసం ఇరవయ్యవ వంతు తగ్గి ఉండాలి. ఆ నెలలో అంగన్‌వాడీలో తూచిన బరువు 9 కిలోలు. అంటే 450 గ్రాములైనా తగ్గాలి. మా త్రాసులో తూస్తే 8 కిలోల 800 గ్రాములు తూగాడు. మిగిలిన నీరు ఎక్కడ ఉన్నది? పొట్ట మీద చేయి వేస్తే తెలిసిపోయింది. అది తప్పెటలా బిగిసి ఉన్నది. స్టెతస్కోపు పెడితే ప్రేగు శబ్దం వినబడలేదు. ఎక్స్‌రేలో ప్రేగులు ఉబ్బి కనిపించాయి. నీరు రక్తాన్ని వదిలి, కదలని ప్రేగులో నిలిచిపోయింది. శరీరం దాహంతో ఉన్నది, పొట్ట నిండా నీరున్నది.

ఇక్కడ ఒక లెక్క చూడండి. సగం గొట్టం 1 మిల్లీగ్రాము. మూడు మార్లకు 3 మిల్లీగ్రాములు. 9 కిలోల బిడ్డకు ఇది, 60 కిలోల మనిషి 20 మిల్లీగ్రాములు మింగినదానితో సమానం. వైద్యుని పర్యవేక్షణలో పెద్దవారికి సైతం రోజుకు 16 మిల్లీగ్రాములు మించనివ్వరు. ‘సగమే కదా’ అని ఇంటివారు అనుకున్న మోతాదు పెద్దల గరిష్ఠ పరిమితిని దాటిపోయింది. దానికి తోడు, విరేచనాలతో పొటాషియం తగ్గినప్పుడు ప్రేగు కండరం ముందే బలహీనపడి ఉంటుంది. అటువంటి ప్రేగును ఈ మందు పూర్తిగా స్తంభింపజేయగలదు.

బిడ్డకు నోటితో ఏమీ ఇవ్వక, ముక్కు ద్వారా గొట్టం వేసి కడుపులోని నీటిని తీశాము. రక్తనాళం ద్వారా ద్రవాలు, మూత్రం వచ్చిన తరువాత పొటాషియం ఇచ్చాము. శ్వాస నెమ్మదించడంతో నల్లమందు జాతి మందులకు విరుగుడైన నాలోక్సోన్ ఇవ్వవలసి వచ్చింది. దాని ప్రభావం లోపెరమైడ్ ప్రభావం కంటే ముందే తీరిపోతుంది. కనుక మోతాదు మళ్ళీ మళ్ళీ ఇస్తూ ఒక రోజంతా కనిపెట్టుకుని ఉండాలి. మూడవ రోజు ఉదయం బిడ్డకు పెద్ద నీళ్ళ విరేచనం అయింది. నాయనమ్మ గుండెలు బాదుకుని, “మళ్ళీ మొదలైనాయి సారూ” అన్నది. “పెద్దమ్మా, మేము ఎదురుచూసినది దీనికే” అన్నాను. అడ్డుకట్ట తెగింది, ప్రేగు కదిలింది. బిడ్డ వారం రోజులకు ఇంటికి వెళ్ళాడు.

అందరు పిల్లలూ అంత అదృష్టవంతులు కారు. పాకిస్తాన్‌లో లోపెరమైడ్ చుక్కల మందు వాడిన పసిపిల్లలలో ప్రేగులు స్తంభించి మరణాలు సంభవించాక, 1990లో ఆ దేశం పిల్లల కోసం తయారైన లోపెరమైడ్ రూపాలన్నిటినీ నిషేధించింది. 2007లో ప్రచురితమైన ఒక సమీక్ష, పిల్లల మీద జరిగిన 13 పరీక్షల ఫలితాలను కలిపి చూసింది. మందు వలన విరేచనాల కాలం కొంత తగ్గిన మాట నిజమే. కానీ ప్రేగు స్తంభించడం, తీవ్రమైన మగత, మరణం వంటి ప్రమాదాలు మందు పుచ్చుకున్న పిల్లలలో 8 మందికి కలిగాయి. ఉత్తుత్తి మందు పుచ్చుకున్నవారిలో ఒక్కరికీ కలగలేదు. ఆ ఎనిమిది మందీ 3 ఏళ్ళ లోపు వారే. కొద్ది గంటల సౌకర్యం కోసం ఇంత మూల్యం తగదని వైద్యలోకం నిర్ణయించుకున్నది. మన దేశంలో కూడా పిల్లల కోసం తయారయ్యే లోపెరమైడ్, డైఫినాక్సిలేట్ మందులు కేంద్ర ప్రభుత్వ నిషేధిత జాబితాలో ఉన్నాయి. అయితే పెద్దల గొట్టం నిషేధంలో లేదు. ప్రమాదం ఆ దారిన ఇంట్లోకి వస్తుంది.

రక్తం, జిగట, జ్వరంతో కూడిన విరేచనాలలో మరొక కీడు ఉన్నది. షిగెల్లా వంటి సూక్ష్మజీవులను, వాటి విషాలను శరీరం విరేచనం ద్వారా బయటకు తోసివేస్తుంటుంది. కదలిక ఆపితే అవి లోపలే ఎక్కువ కాలం నిలిచి ప్రేగు గోడను తినివేస్తాయి. ఈ స్థితిలో పెద్దవారు సైతం లోపెరమైడ్ వాడకూడదు. కడుపునొప్పికి వాడే డైసైక్లోమిన్ చుక్కలు కూడా ప్రేగును మందగింపజేసేవే. ఆరు నెలల లోపు బిడ్డలకు వాటి వలన శ్వాస కష్టం కలుగవచ్చు. విరేచనాలప్పుడు పిల్లలకు వాటిని సొంతంగా వేయవద్దు.

మరి ఏమి చేయాలి? ప్రేగు దెబ్బతిన్నప్పటికీ గ్లూకోజు, సోడియం కలిసి లోపలికి పోయే ద్వారం తెరిచే ఉంటుంది. వాటి వెంట నీరు కూడా పోతుంది. ఓఆర్ఎస్ పనిచేసేది ఆ ద్వారం గుండానే. ప్యాకెట్టు మీద వ్రాసినంత నీటిలో, సాధారణంగా పెద్ద ప్యాకెట్టును ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో, మొత్తం ఒకేసారి కలపాలి. రెండేళ్ళ లోపు బిడ్డకు ప్రతి విరేచనం తరువాత 50 నుండి 100 మిల్లీలీటర్లు చెంచాతో ఇవ్వాలి. వాంతి అయితే పది నిమిషాలు ఆగి, మరింత నెమ్మదిగా మొదలుపెట్టాలి. తల్లిపాలు, అలవాటైన ఆహారం ఆపకూడదు. జింకు 14 రోజులు ఇవ్వాలి. ఆరు నెలలు దాటిన బిడ్డకు రోజుకు 20 మిల్లీగ్రాములు, రెండు నుండి ఆరు నెలల బిడ్డకు 10 మిల్లీగ్రాములు.

ఒక మాట ముందే చెప్పడం మంచిది. ఓఆర్ఎస్ త్రాగిస్తే విరేచనాలు వెంటనే కట్టవు. అవి సాధారణంగా వారం లోపల వాటంతట అవే తగ్గుతాయి. అంతవరకు పోయిన నీటిని తిరిగి నింపడమే ఓఆర్ఎస్ పని. ఈ సంగతి తెలియని తల్లులు రెండవ రోజుకే విసిగి, “కట్టే మందు ఇవ్వండి” అని మందుల దుకాణానికి వెళతారు. కనుక లెక్కపెట్టవలసినది విరేచనాలను కాదు, మూత్రాన్ని. బిడ్డ ఆరేడు గంటలకు ఒకసారైనా మూత్రం పోస్తూ, చెంచా అందిస్తే త్రాగుతూ, కళ్ళు తెరిచి చూస్తూ ఉంటే వైద్యం సరిగా సాగుతున్నట్లే.

విరేచనం ఆగి పొట్ట ఉబ్బినా, పచ్చని వాంతి అయినా, బిడ్డ మగతగా ఉన్నా, మూత్రం లేకున్నా, మలంలో రక్తం కనిపించినా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. పొరపాటున లోపెరమైడ్ ఇచ్చి ఉంటే ఎన్ని గొట్టాలు, ఏ వేళ ఇచ్చారో దాచకుండా చెప్పండి, ఖాళీ పట్టీని కూడా వెంట తీసుకువెళ్ళండి. ఆ ఒక్క వివరం తెలిస్తే విరుగుడు మందు గంటల ముందే బిడ్డకు అందుతుంది.