తీరిన అప్పు, తీరని పేరు

అప్పు తీరిన రోజు పండుగ కన్నా గొప్పది అంటారు మా అత్తగారు. నిజమే అనుకుని 2022 జూలైలో నేనూ పండుగ చేసుకున్నాను. స్కూటరు మీద ముప్ఫై ఆరో కంతు కట్టి, ఇంటికొచ్చి సేమియా పాయసం కాచి, నలుగురికీ పెట్టాను. పాయసం అరిగిపోయింది గానీ అప్పు మాత్రం మూడేళ్ల పాటు కాగితం మీద అలాగే కూర్చుని ఉందని నాకేం తెలుసు!

ఆ స్కూటరు నా స్వంత సంపాదనతో కొన్నది. అప్పుడు ఎమ్మిగనూరులో ఒక బడిలో పాఠాలు చెప్పేదాన్ని. 2019లో అక్కడే బ్యాంకులో అప్పు తీసుకుని కొన్నాను. తరువాత మావారికి ఆదోనిలో పత్తి జిన్నింగు మిల్లులో పని దొరకడంతో ఇటు వచ్చేశాం. స్కూటరు కూడా మాతోపాటే వచ్చింది.

పోయిన ఏడు, అంటే 2025 జూలైలో, మా అమ్మాయికి కర్నూలు కాలేజీలో సీటొచ్చింది. ఇరవయ్యో తారీఖులోగా ఫీజు కట్టాలి. "స్కూటరు నాకివ్వక్కా, ముప్ఫై ఎనిమిది వేలిస్తాను" అంది ఎమ్మిగనూరులో ఉన్న మా చెల్లెలు. బయటివాళ్లకు అమ్మే కన్నా ఇంట్లోనే ఉంటుందిగదా అని సంతోషించాను. మర్నాడే మా మరిది ఫోను.

"వదినా, బండి నంబరు కొట్టి చూశాను. ఫైనాన్షియర్ అనే చోట ఇంకా బ్యాంకు పేరే ఉంది. అప్పు తీరలేదా?"

నాకు తల కొట్టేసినట్టయింది. చెల్లెలి మొగుడి దగ్గర అబద్ధమాడినట్టయిందే! బీరువాలో పట్టుచీరల కింద దాచిన కవరు బయటికి తీశాను. బ్యాంకు వాళ్లు అప్పట్లో ఇచ్చినదే. అందులో 'అప్పు తీరింది, మాకు అభ్యంతరం లేదు' అనే లేఖ, దానితోపాటు ఒకేలాంటి ఫారాలు రెండు ఉన్నాయి. ఆ రెండూ లేఖకు నకళ్లేమో అనుకుని నేను తెరిచి చదవనే లేదు.

కవరు పట్టుకుని ఆదోని రవాణా కార్యాలయానికి వెళ్లాను. కిటికీ వెనక ఉన్న పెద్దాయన ఓపిగ్గా చెప్పాడు.

"బంగారం కుదువ పెడతారు గదమ్మా. డబ్బు కట్టగానే నగ చేతికిస్తారు, అంతటితో సరి. బండి అట్లా కాదు. మొదటినుంచీ మీ దగ్గరే తిరుగుతుంది. బ్యాంకుకు ఉన్నదల్లా ఆర్.సి.లో రాయించుకున్న పేరొక్కటే. డబ్బు కట్టినా ఆ పేరు దానంతటది పోదు. మీరూ బ్యాంకూ ఇద్దరూ కలిసి సంతకాలు చేసి అడిగితేనే మేము కొట్టేస్తాం. ఆ అడిగే కాగితమే ఈ ఫారం 35."

అదీ సంగతి! 1988 మోటారు వాహనాల చట్టంలో 51వ సెక్షన్ దీనికోసమే ఉందట. ఆ పేరున్నంతకాలం బ్యాంకు రాతపూర్వకంగా ఒప్పుకోకుండా బండిని ఇంకొకరి పేరుకు మార్చరు. డూప్లికేట్ ఆర్.సి. కావాలన్నా ముందు బ్యాంకును అడగవలసిందే. మా మరిది అనుమానపడ్డాడని నొచ్చుకున్నాను గానీ, ఆయన చూసుకోకుండా డబ్బిచ్చేసి ఉంటే బండి ఆయన ఇంట్లో, పేరు నాది, దాని పక్కన బ్యాంకుదీ ఉండేవి.

"అయితే ఇప్పుడు కొట్టేయండి, కాగితాలున్నాయిగా" అన్నాను ధీమాగా.

ఆయన లేఖ తిప్పి చూపించాడు. అడుగున చిన్న అక్షరాలతో 'ఈ లేఖ తొంభై రోజులు చెల్లును' అని ఉంది. మూడేళ్లు పట్టుచీరల కింద నిద్రపోయిన లేఖకు గడువు ఏనాడో దాటింది. ఇంకొకటి కూడా ఉంది. ఆర్.సి.లో బ్యాంకు పేరు ఒకటి, లేఖ మీద పేరు ఇంకొకటి! 2020 ఏప్రిల్ 1న కొన్ని ప్రభుత్వ బ్యాంకులు పెద్ద బ్యాంకుల్లో కలిసిపోయాయి, గుర్తుందా? ఆంధ్రా బ్యాంకు, సిండికేట్ బ్యాంకు వంటి పేర్లు మన వీధుల్లో బోర్డుల మీదనుంచి దిగిపోయింది అప్పుడే. మాదీ అలా కలిసిపోయిన బ్యాంకే. అప్పు ఇచ్చింది పాత పేరుతో, తీరిందని రాసింది కొత్త పేరుతో. 'ఫలానా బ్యాంకు మాలో కలిసింది' అన్న ఒక్క ముక్క లేఖలో ఉంటే సరిపోయేది. అదే లేదు.

మర్నాడు బడికి సెలవు పెట్టి ఎమ్మిగనూరు బస్సెక్కాను. నేను అప్పు తీసుకున్న బ్రాంచి చోట ఇప్పుడు సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. దాన్ని ఇంకో వీధిలోని బ్రాంచిలో కలిపేశారట. అక్కడ మేనేజరమ్మ చిన్న పిల్ల. నా పాత లోను నంబరు చూసి, ఖాతా మూసేసినట్టు కంప్యూటర్లో తేల్చుకుని కొత్త లేఖ తయారు చేయించింది. పాత పేరు, కొత్త పేరు రెండూ వేయించింది. ఫారం 35 రెండు ప్రతుల మీదా సంతకం పెట్టి, ముద్ర వేసి ఇచ్చింది.

ఈసారి నేను తెలివి తెచ్చుకున్నాను. అక్కడే బెంచీ మీద కూర్చుని, ఆర్.సి. పక్కన పెట్టుకుని ఒక్కొక్క అక్షరమే సరిచూశాను. ఛాసిస్ నంబరు పదిహేడు అక్షరాలూ అంకెలూ కలిసిన చాంతాడు. అందులో సున్నా ఉండవలసిన చోట ఇంగ్లీషు 'ఓ' పడింది! సున్నాతోనూ ఒకటితోనూ పొరబడతామనే ఆ నంబర్లలో 'ఓ', 'ఐ', 'క్యూ' అక్షరాలు అసలు వాడరట. కనుక ఆ 'ఓ' కనబడిందంటే తప్పేనన్నమాట. మేనేజరమ్మ నాలిక కరుచుకుని వెంటనే మార్పించింది. అది చూసుకోకుండా ఆదోని వెళ్లి ఉంటే మళ్లీ బస్సు, మళ్లీ సెలవు!

తిరిగొచ్చి, ఇంటర్నెట్ సెంటరు అబ్బాయి చేత దరఖాస్తు పెట్టించి, ఫీజు కట్టి, రసీదుతో కాగితాలన్నీ కార్యాలయంలో ఇచ్చాను. ఫారం మీద నా సంతకం 2019లో చేసినట్టే చేయడానికి మాత్రం తంటాలు పడ్డాను. ఈ ఆరేళ్లలో నా సంతకం కూడా నాలాగే కొంచెం లావెక్కింది!

ఇదంతా అయ్యేసరికి ఇరవయ్యో తారీఖు వచ్చేసింది. పేరు ఇంకా పోలేదు. అమ్మాయి సీటు ఆగదు కదా! చేతి గాజులు రెండు తీసి కుదువ పెట్టి ఫీజు కట్టాం. ఒక కాగితం నిద్రపోయినందుకు గాజులు జాగారం చేశాయి.

ఆగస్టు మొదటి వారంలో మరిది ఫోను. "వదినా, ఆ గడి ఖాళీ అయింది!" ఆ సాయంత్రమే చెల్లెలు డబ్బు పంపింది. మర్నాడు వెళ్లి గాజులు విడిపించుకున్నాను. డబ్బు కట్టిన అరగంటకు గాజులు చేతిలో ఉన్నాయి. పెద్దాయన చెప్పిన తేడా అప్పుడు నాకు బాగా అర్థమైంది.

బండి అప్పగించే ముందు ఇన్సూరెన్సు పాలసీ తిరగేస్తే అక్కడా బ్యాంకు పేరే నవ్వుతూ కనిపించింది! మొదటి ఏడు రాసింది ప్రతి ఏడూ అలాగే వస్తోంది. బండి పూర్తిగా పాడైపోయినా, దొంగలెత్తుకుపోయినా వచ్చే డబ్బు ముందుగా ఆ పేరుగలవాళ్లకే చూపిస్తారు. ఆర్.సి. మారిందని చూపించి అక్కడా తీయించాను.

ఇప్పుడు మావారు మోటారు సైకిలుకు కంతులు కడుతున్నారు. ఇంకా నాలుగున్నాయి. ఆఖరిది కట్టిన రోజు పాయసం కాస్తాను గానీ, ఫారం 35 కార్యాలయంలో ఇచ్చి వచ్చాకే గిన్నె దించుతానని ముందే చెప్పేశాను.