కళ్లజోడు తీసి చూస్తే

ప్రమాదాల ఫొటోల మీద రాయమని మా సంపాదకుడు పంపితే, విజయవాడలో ఒక దినపత్రిక ఆఫీసుకు వెళ్లాను. ప్రింటింగ్ యంత్రాలు చూపిస్తామన్నారు గానీ, నేను ఫొటో డెస్కు దగ్గరే కూర్చుండిపోయాను.

అక్కడ ఒక పెద్దాయన కొత్తగా చేరిన సబ్ఎడిటర్‌కు పని నేర్పుతున్నారు. తెరమీద ఉన్నది బహానగా హైస్కూల్ ఫొటో. 2023 జూన్ 2న బాలాసోర్ దగ్గర కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ ప్రమాదంలో 290 మందికి పైగా పోయారు. చాలా మృతదేహాలను మొదట ఆ బడిలోనే ఉంచారు. చెన్నై వెళ్లే బండి కాబట్టి ఆ రాత్రి మన ఊళ్లలోనూ ఫోన్ల కోసం ఎదురుచూసిన ఇళ్లున్నాయి.

ఆ అమ్మాయి ఒక ముఖం మీద గళ్లు వేసి, "అయిపోయింది సార్" అంది.

"కళ్లజోడు తీసి, నాలుగడుగులు వెనక్కెళ్లి చూడమ్మా."

నేనూ తీసి చూశాను. గళ్ల అంచులు కరిగిపోయి, వెలుగునీడల్లోంచి ముఖం పైకి తేలింది. ఫోన్‌లో చిన్నగా చూసినా అంతేనట. ఆయన ఆ చోటంతా ఒకే రంగుతో నింపేశారు. అయినా వదల్లేదు. దుప్పటి కిందినుంచి బయటపడ్డ చేతిని చూపించారు. మణికట్టుకు ఎర్రదారం.

"ముఖం కప్పితే పరాయివాళ్లు గుర్తుపట్టరు. తల్లి ఈ దారం చూసి పోల్చుకుంటుంది."

తర్వాత రెండు తెల్లకాగితాలు తెరకు అడ్డం పెట్టి జరపసాగారు. రెండే దేహాలు మిగిలేలా జరిపి, "ఇలా కోస్తే ఇద్దరే పోయారనిపిస్తుంది, అది అబద్ధం" అన్నారు. కాగితం పైకి జరిగింది. వరండా స్తంభం పక్కన, మనకు వీపు చేసి, వంగి వెతుకుతున్న ఒక మనిషి. అక్కడ ఆయన చేతులు ఆగాయి. కింద తనే టైపు చేశారు: "బహానగా హైస్కూల్లో తమవారి కోసం వెతుకుతున్న బంధువు. మృతదేహాలు కనిపించే భాగం తొలగించాం." హృదయవిదారకం అనే మాట లేదు. కత్తిరించిన సంగతి మాత్రం దాచలేదు.

గుర్తుపట్టడానికైనా ముఖాలు వేయాలి కదా అని అడిగాను. ఒడిశా ప్రభుత్వం అందుకోసం ఫొటోలు విడిగా పెట్టింది. అక్కడికి మనిషి తెలిసి, గుండె దిటవు చేసుకుని వెళతాడు. పత్రిక తెల్లవారేసరికి గడపలో పడుతుంది, పిల్లలు తీస్తారు. ఆ తేడా ఆయన చెప్పాక నాకింకేం అడగబుద్ధి కాలేదు.

నాకు కోపమొచ్చింది వేరేచోట. కత్తిరించని ఫొటో ఆయన కళ్లపడే లోపే వెబ్ డెస్కుకు చేరిపోతుంది. అక్కడ ఒక్కరే నిమిషాల్లో తేల్చేయాలి. ఈయన రిటైరయ్యాక ఆ కుర్చీలోకి ఎవరినీ తీసుకోరట. యాజమాన్యాలకు నా విన్నపం ఒక్కటే: ఫొటోను ముందు ఫొటో డెస్కుకు రానివ్వండి, ఆ కుర్చీ ఖాళీ పెట్టకండి.