మొదటి మెసేజ్‌లోనే తేలాల్సిన లెక్క

మా నాన్నది సిరొంచ, అమ్మది చంద్రపూర్. ఉండేది భామ్రాగడ్‌లో. ఇంట్లో నాన్నతో తెలుగు, అమ్మతో మరాఠీ. రెండూ చదవడం, రాయడం వచ్చినవాళ్లకి మా వైపు ఒక పని దొరుకుతుంది. మరాఠీలో ఉన్న కరపత్రాలు, చిన్న చిన్న పుస్తకాలు సిరొంచ వైపు తెలుగువాళ్ల కోసం తెలుగులోకి మార్చడం. మా అక్క ఆ పని చేస్తుంది. సెలవుల్లో నేను టైపు చేసి పెడతాను. మన క్లాసులో కూడా కొందరు అనువాదాలు ఒప్పుకుంటున్నారు కాబట్టి, కొత్త క్లయింటుకి అక్క పంపే మొదటి మెసేజ్ గురించి రాస్తున్నాను.

అందరూ ముందు అడిగేది "పదానికి ఎంత?" అని. కానీ ఏ భాష పదానికి? మరాఠీలో "తుమ్హీ ఉద్యా ఆమచ్యా ఘరీ ఆలా నాహీత్ తర్" అంటే ఏడు పదాలు. తెలుగులో "మీరు రేపు మా ఇంటికి రాకపోతే" ఐదే. మన క్రియ "కాదు", "అయితే" లాంటివన్నీ తనలోనే కలిపేసుకుంటుంది. ఒకసారి అక్క పదానికి రూపాయిన్నర చొప్పున 4,000 పదాల మరాఠీ పుస్తకం ఒప్పుకుంది. తన లెక్కలో 6,000 రూపాయలు. తెలుగులో అది 3,100 పదాలైంది. ఆ క్లయింటు తెలుగు పదాలే లెక్కపెట్టి 4,650 ఇచ్చాడు. అతను మోసం చేశాడని అనలేం. ఎవరి లెక్క వాళ్లకి న్యాయంగానే ఉంది, మాట్లాడుకోలేదంతే. మూలంలోని పదాలు లెక్కపెడితే పని మొదలుపెట్టే ముందే మొత్తం తెలిసిపోతుంది. అందుకే అక్క ఇప్పుడు ఆ మొత్తాన్నే రాస్తుంది.

రెండోది, ఎలాంటి తెలుగు కావాలి, బాగుందో లేదో ఎవరు చెప్తారు? మా వైపు "దవాఖాన" అంటాం. కోస్తా వైపు చదివినవాళ్లు దాన్ని "ఆసుపత్రి" అని దిద్దుతారు. అది తప్పు దిద్దడం కాదు, మాట మార్చడం. పుస్తకమంతా అయ్యాక ఇలాంటి మార్పులు వస్తే సగం పని మళ్లీ చేసినట్టే. అందుకని ముందు ఒక పేజీ నమూనా పంపి, ఒప్పుకునే మనిషి ఎవరో అడుగుతుంది. ఆ తర్వాత తన తప్పులుంటే డబ్బు తీసుకోకుండా దిద్దుతుంది. ఒప్పుకున్న మాటని మార్చమన్నా, మరాఠీలో కొత్త పేరా కలిపినా వేరే లెక్క.

మూడోది, పని అయిపోయిందని ఎప్పుడు అనుకోవాలి? అక్కకి ఫైలు పంపితే అయిపోయినట్టు. అచ్చు వేయించేవాళ్లకి పుస్తకం చేతికొస్తే అయిపోయినట్టు. ప్రెస్సు ఆలస్యమైతే ఆ మధ్యలో నెలలు గడుస్తాయి. కాబట్టి డబ్బుకి గడువు ఫైలు అందిన రోజునుంచే లెక్క.

గడువులో మా ఊరి సంగతి ఒకటి ఉంది. వానాకాలంలో పర్లకోట పొంగి వంతెన మీదికి నీళ్లొస్తే ఆలాపల్లి దారి మూసుకుపోతుంది. కరెంటు, నెట్‌వర్క్ కూడా పోతాయి. అది ముందే చెప్తే షరతు, తర్వాత చెప్తే సాకు అనుకుంటారు.

అక్క మెసేజ్ ఇలా ఉంటుంది:

"నమస్తే సార్. మీరు పంపిన మరాఠీ ఫైలులో 4,000 పదాలు ఉన్నాయి. మరాఠీ పదానికి రూపాయిన్నర చొప్పున మొత్తం 6,000. అందులో 2,000 ముందుగా ఇవ్వాలి. మిగతాది తెలుగు ఫైలు అందిన 15 రోజుల్లో. సిరొంచ వాడుక తెలుగులో, యూనికోడ్‌లో ఇస్తాను. మొదటి పేజీ శుక్రవారం పంపుతాను. దాన్ని మీ తరఫున ఎవరు చూసి ఒప్పుకుంటారో చెప్పండి. ఒప్పుకున్నాక 12 రోజుల్లో మొత్తం ఇస్తాను. వరదతో నెట్‌వర్క్ పోతే అన్ని రోజులు కలపాలి. నా తప్పులు దిద్దడానికి డబ్బు లేదు. కొత్తగా కలిపిన భాగానికి ఇదే రేటు. సరే అయితే 'ఒప్పుకున్నాం' అని రాయండి, అప్పుడు మొదలుపెడతాను."

ఆ చివరి వాక్యం ఊరికే పెట్టింది కాదు. నీలం టిక్కులు పడితే చూశారని అర్థం, ఒప్పుకున్నారని కాదు. 2010లో ట్రైమెక్స్, వేదాంత అల్యూమినియం కేసులో సుప్రీంకోర్టు, సంతకాల కాగితం లేకపోయినా ముఖ్యమైన షరతులు ఈ-మెయిళ్లలో కుదిరితే ఒప్పందం ఉన్నట్టే అంది. 1,350 రూపాయల కోసం భామ్రాగడ్ నుంచి కోర్టుకి ఎవరూ వెళ్లరు, నిజమే. కానీ ఇప్పుడు మాట తేడా వస్తే అక్క వాదించదు. పాత మెసేజ్‌నే మళ్లీ పంపుతుంది.