కరెంటు పోయినా క్లాసు ఆగకూడదంటే

ఎండాకాలం సాయంత్రం గాలి లేచిందంటే మన కర్నూలులో ముందు పోయేది కరెంటు, ఆ వెంటనే పోయేది పిల్లల ఆన్‌లైన్ డౌట్ క్లాసు. వారానికి రెండు రోజులు రాత్రి ఏడింటికి తొమ్మిదో తరగతి పిల్లలకు నేను ఇంటి నుంచే గ్రామర్ డౌట్లు చెబుతాను. కరెంటు ఒక్క నిమిషం పోయినా మోడెం మళ్లీ లేచి లైను పట్టుకోవడానికి మూడు నాలుగు నిమిషాలు పడుతుంది. పిల్లల ఇంట్లో పోతే ఆ ఒక్కరికే నష్టం, నా దగ్గర పోతే క్లాసంతా ఆగుతుంది. అందుకే మోడెం, రౌటర్‌లకు సరిపోయే చిన్న బ్యాటరీ ఒకటి తీసుకున్నాను. దుకాణాల్లో దాన్ని మినీ యూపీఎస్ అంటారు. కొనేముందు ఏమేం చూసుకోవాలో తల్లిదండ్రులకు పనికొస్తుందని రాస్తున్నాను.

మొదట చూడాల్సింది బ్యాటరీని కాదు, బయటి లైనును. ఇంటిదాకా సన్నటి ఫైబర్ తీగ వస్తుంటే దారిలో ఉండే స్ప్లిటర్ పెట్టెలకు కరెంటు అక్కర్లేదు. ఆపరేటర్ ఆఫీసులో బ్యాకప్ ఉంటే చాలు, నెట్ నడుస్తుంది. అలా కాకుండా వీధి స్తంభం మీదో, ఎవరి మిద్దె మీదో ఉన్న స్విచ్ పెట్టె నుంచి ల్యాన్ కేబుల్ వస్తుంటే, వీధిలో కరెంటు పోగానే ఆ పెట్టె కూడా ఆగిపోవచ్చు. అప్పుడు మన ఇంట్లో ఎంత బ్యాటరీ ఉన్నా లాభం లేదు. తెలుసుకోవడం సులువే. అదే కనెక్షన్ ఉండి, ఇన్వర్టర్ కూడా ఉన్న పక్కింటివారిని కరెంటు పోయినప్పుడు నెట్ వస్తోందా అని అడగండి. మా పైఇంటి ఆంటీ "మాకు వస్తానే ఉందమ్మా" అన్నాకే నేను దుకాణానికి వెళ్లాను.

రెండోది, అడాప్టర్ మీద చిన్న అక్షరాల్లో ఉండే అవుట్‌పుట్. నా ఫైబర్ మోడెంకు 12 వోల్టులు, 1 ఆంపియర్ అని ఉంది. రౌటర్‌కు 9 వోల్టులు, 0.6 ఆంపియర్. వోల్టులు కచ్చితంగా కలవాలి. ఆంపియర్లు యూపీఎస్‌లో సమానంగా గానీ ఎక్కువగా గానీ ఉండాలి. పిన్ను సరిగ్గా దూరింది కదా అని 9 వోల్టుల రౌటర్‌కు 12 వోల్టులు ఇస్తే అది కాలిపోవచ్చు. పిన్ను మధ్యలో ప్లస్సా మైనస్సా అని చూపే గుండ్రటి గుర్తు కూడా రెండింటి మీదా ఒకేలా ఉండాలి. కాబట్టి నాకు 12, 9 రెండూ విడివిడిగా ఇచ్చే యూపీఎస్ కావాల్సి వచ్చింది.

"ఎనిమిది వేల ఎంఏహెచ్ మేడమ్, నాలుగు గంటలు గ్యారంటీ" అన్నాడు దుకాణం అబ్బాయి. ఆ ఎంఏహెచ్ లెక్క సాధారణంగా లోపలి సెల్లుది, అంటే 3.7 వోల్టుల దగ్గర. 8 ని 3.7తో గుణిస్తే 29.6 వాట్-అవర్లు. వోల్టేజి పెంచడంలో కొంత పోతుంది కాబట్టి చేతికి 24 వస్తుందనుకుందాం. నా మోడెం 12 వాట్లు, రౌటర్ 5.4 వాట్లు, మొత్తం 17.4. రెండూ పూర్తిగా లాగితే గంటా ఇరవై నిమిషాలు వస్తుంది. అడాప్టర్ మీద ఉండేది గరిష్ఠం, మామూలుగా అంత లాగవు. సగమే లాగితే రెండుముప్పావు గంటలు. నాలుగు గంటలు కాకపోయినా నా గంట క్లాసుకు అది చాలు.

కడపలో మా అమ్మావాళ్లింట్లో ఇన్వర్టర్ ఉంది. అయినా "అక్కా, కరెంటు పోయినప్పుడల్లా నెట్ కట్ అవుతాంది" అన్నాడు ఇంటర్ చదివే తమ్ముడు. ఇన్వర్టర్ బ్యాటరీకి మారే రెప్పపాటు ఖాళీ ఫ్యానుకు తెలియదు, మోడెం మాత్రం ఆగి మళ్లీ మొదలవుతుంది. చాలా ఇన్వర్టర్లకు వెనకో పక్కనో యూపీఎస్ మోడ్ స్విచ్ ఉంటుంది. దానికి మార్చాక మోడెం ఆగలేదు, కొత్తగా ఏమీ కొనలేదు. అయితే వోల్టేజి బాగా తగ్గే వీధుల్లో ఈ మోడ్‌లో ఇన్వర్టర్ మాటిమాటికీ బ్యాటరీ మీదికి వెళ్తుంది. అలాంటి చోట మినీ యూపీఎస్సే మేలు.

చివరిగా, మన ఎండ. లిథియం సెల్లు వేడికి త్వరగా అరిగిపోతాయి. పడమటి గోడకు, మూసిన అల్మారాలో, మోడెం నెత్తిన యూపీఎస్‌ను పెట్టకండి, గాలి ఆడే చోట విడిగా ఉంచండి. పెట్టె ఉబ్బినట్టు కనిపిస్తే వెంటనే ప్లగ్గు తీసి వాడకం ఆపేయండి. కొన్న రోజే ప్లగ్గు పీకి ఎంతసేపు వచ్చిందో దాని మీదే రాసుకోండి. రెండు మూడు నెలలకోసారి ఆదివారం అలాగే చూడండి. ఆ సమయం సగానికి పడిపోయిందంటే, పరీక్షల నెల రాకముందే కొత్తది తీసుకోవచ్చు.